బంపర్‌కి పూర్తిగా వచ్చింది, ఇంజిన్‌కి పైసా రాలేదు: ఒకే కారు, రెండు క్లెయిమ్‌లు

నేను వాహన ప్రమాదాల సర్వేయర్‌ని. పాలసీలు అమ్మను. బండి దెబ్బతిన్నాక కంపెనీ తరఫున వెళ్లి చూసి, ఎంత నష్టం, అందులో పాలసీ ప్రకారం ఎంత చెల్లుతుంది అని లెక్క రాసి ఇవ్వడం నా పని. అందుకే కొత్త కారు కొన్నవాళ్లు షోరూమ్‌లో ఏ కవర్ తీసుకున్నారో, ఏది వద్దనుకున్నారో నాకు తెలిసేది చాలా ఆలస్యంగా, బానెట్ ఎత్తి నిలబడినప్పుడే. ఇక్కడ రాస్తున్నది విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండే ఒక స్కూల్ టీచర్‌గారి కారు సంగతి. ఆయన్ని గుర్తుపట్టేలా ఉండే వివరాలు మార్చాను. లెక్కలు మాత్రం పూర్ణాంకాలకు సర్ది అలాగే ఉంచాను.

మాస్టారు 2024 జనవరిలో, సంక్రాంతి ముందు, 1197 సీసీ పెట్రోల్ కారు కొన్నారు. ఎక్స్ షోరూమ్ ధర 9,40,000. లైఫ్ ట్యాక్స్ 1,31,600. ఇన్సూరెన్స్ కాగితం దగ్గరికి వచ్చేసరికి సేల్స్ కుర్రాడు వరసగా టిక్కులు పెట్టి ఉన్న కొటేషన్ ఇచ్చాడు. అందులో మొదటిది థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఇతరులకి జరిగే నష్టానికి కవర్. కొత్త కారుకి మూడేళ్లది ఒకేసారి కట్టాలి. 2018 సెప్టెంబర్ నుంచి వచ్చిన నియమం అది. 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకి అప్పుడు 10,640 రూపాయలు, ఏ కంపెనీ అయినా అంతే. అక్కడ బేరం లేదు. రెండోది సొంత బండికి జరిగే నష్టానికి ఏడాది కవర్, దాన్ని ఓన్ డ్యామేజ్ అంటాం, 12,800. ఈ రెండూ కలిస్తేనే కాంప్రహెన్సివ్ పాలసీ.

'కాంప్రహెన్సివ్' అన్న మాట వినగానే అన్నీ అందులోనే ఉన్నాయని మనవాళ్లు అనుకుంటారు. లేవు. యాక్సిడెంట్, దొంగతనం, మంటలు, వరద, తుపాను, అల్లర్లు ఇవన్నీ కారణాలుగా ఉంటాయి కానీ, ఆ కారణం వల్ల పాడైన ప్రతి వస్తువుకీ పూర్తి డబ్బు ఇస్తామని అందులో ఎక్కడా లేదు. ఆ ఖాళీలని పూడ్చడానికే యాడ్-ఆన్‌లు. మాస్టారి కొటేషన్‌లో అవి ఎనిమిది ఉన్నాయి: జీరో డిప్రిసియేషన్ 4,200, ఇంజిన్ ప్రొటెక్ట్ 1,300, రిటర్న్ టు ఇన్వాయిస్ 1,900, కన్జ్యూమబుల్స్ 900, టైర్ కవర్ 1,700, తాళం పోతే 500, కార్లో సామాను పోతే 400, రోడ్డు మీద ఆగిపోతే వచ్చే సాయం 150. వీటన్నిటి మీదా 18 శాతం జీఎస్‌టీ.

మొత్తం చూసి మాస్టారికి కళ్లు తిరిగాయి. కొన్ని తీసేయమన్నారు. ఏవి తీశారో, ఏవి ఉంచారో అన్నదే ఈ కథంతా. టైర్ ఉంచారు, రోడ్డు మీద పంక్చర్లు ఎక్కువని. తాళం ఉంచారు, ఇంట్లో అందరూ ఎక్కడ పడితే అక్కడ పెడతారని. సామాను కవర్ ఉంచారు, నాలుగు వందలే కదా అని. జీరో డిప్ అయితే ఉండాల్సిందేనని తోటి టీచర్లు చెప్పారు. ఇంజిన్, ఇన్వాయిస్, కన్జ్యూమబుల్స్ మూడూ కొట్టేయించారు. "కొత్త ఇంజిన్‌కి వారంటీ ఉంది కదా సార్, మళ్లీ కవర్ ఎందుకు అనుకున్నాను" అని తర్వాత నాతో అన్నారు. ఆ మూడూ తీసేస్తే ఆదా అయింది 4,100, జీఎస్‌టీతో 4,838 రూపాయలు.

మొదటి క్లెయిమ్: కంచికచర్ల దగ్గర గేదె

మే నెలలో హైదరాబాద్ నుంచి వస్తూ కంచికచర్ల దాటాక చీకట్లో గేదె అడ్డొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కారు ముందు ఎడమ వైపు లోపలికి పోయింది. ఎయిర్ బ్యాగులు తెరుచుకోలేదు. మర్నాడు వర్క్‌షాప్‌లో నేను చూసే సమయానికి బంపర్ కింద పడేసి ఉంది, ఎడమ హెడ్‌ల్యాంప్ వైర్లకి వేలాడుతోంది.

బిల్లు మొత్తం 69,400 వచ్చింది. దాన్ని మేం ఎలా విడగొడతామో చూస్తే జీరో డిప్ అంటే ఏమిటో అర్థమవుతుంది. పాడైన భాగం బదులు కొత్తది వేసినప్పుడు, పాతదాని అరుగుదల కింద బిల్లులో కొంత తగ్గిస్తాం, అదే తరుగు కోత. దాన్ని ఆపేది జీరో డిప్. బంపర్, గ్రిల్, హెడ్‌ల్యాంప్, లోపలి లైనర్లు, బ్రాకెట్లు కలిపి 22,000. ఇవన్నీ ప్లాస్టిక్ కింద లెక్క. హెడ్‌ల్యాంప్ దగ్గర ఓనర్లు ఎప్పుడూ గొడవపడతారు, అది గాజు కదా అని. గాజుకి తరుగు కోత లేదన్నది నిజమే. కానీ ఇప్పటి హెడ్‌ల్యాంప్ ముందుభాగం కూడా పాలీకార్బనేటే, గాజు కాదు. తర్వాత బానెట్, ఫెండర్, రేడియేటర్ సపోర్ట్, ఏసీ కండెన్సర్, ఈ లోహపు భాగాలు 26,000. బిగింపు, డెంటింగ్ కూలి 7,000. మూడు ప్యానెళ్లకి పెయింటింగ్ 12,000. ఏసీ గ్యాస్, కూలెంట్, క్లిప్పులు, బోల్టులు 2,400.

కారు వయసు నాలుగు నెలలు. కొత్త కారుకి తరుగు ఏముంటుంది అని చాలామంది నమ్మకం, ఇక్కడే పొరపాటు పడతారు. లోహపు భాగాలకి మాత్రమే మొదటి ఆరు నెలలు కోత ఉండదు. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్ బ్యాగులు వీటికి బండి షోరూమ్ గేటు దాటిన రోజు నుంచే 50 శాతం కోత. ఫైబర్ గ్లాస్‌కి 30 శాతం. పెయింటింగ్ మొత్తం ఒకే బిల్లుగా వస్తే అందులో పావు వంతుని రంగు సరుకుగా తీసుకుని, దానిలో సగం కోస్తాం. కూలికి కోత లేదు.

కాబట్టి మాస్టారికి జీరో డిప్ లేకపోయి ఉంటే ప్లాస్టిక్‌లో 11,000, పెయింట్‌లో 1,500 జేబులోంచి పోయేవి. ఆ 12,500 ఆయనకి కంపెనీ ఇచ్చింది. కట్టింది 4,200. ఒక్క దెబ్బకే మూడింతలు తిరిగొచ్చిందన్నమాట. జీరో డిప్ ఉన్నా ఆయన మీద పడినవి రెండు: కన్జ్యూమబుల్స్ 2,400, ఇంకా తప్పనిసరి కోత 1,000. ఈ వెయ్యి 1500 సీసీ లోపు కార్లకి ప్రతి క్లెయిమ్‌లోనూ ఉంటుంది, పెద్ద కార్లకి రెండు వేలు. "జీరో అన్నారు కదా సార్, మరి ఈ మూడువేల నాలుగొందలు ఏంటి?" అని మాస్టారు అడిగారు. జీరో అన్నది తరుగుకే గానీ బిల్లుకి కాదని చెప్పాను. ఆ పేరు పెట్టినవాళ్లు చేసిన తప్పుకి రోజూ ఇద్దరికైనా ఈ సమాధానం చెబుతుంటాను.

ఇదే గేదె అదే చోట నాలుగో ఏట తగిలి ఉంటే ఎలా ఉండేది? అప్పటికి లోహానికి కూడా 25 శాతం కోత మొదలవుతుంది. మొదటి ఆరు నెలలూ దాటాక ఏడాది లోపు 5 శాతం, రెండో ఏడు 10, మూడో ఏడు 15, నాలుగో ఏడు 25, ఐదో ఏడు 35. ఈ బిల్లులో 26,000 లోహానికి నాలుగో ఏట ఇంకో 6,500 కోత పడేది. అందుకే జీరో డిప్ మొదటి రెండేళ్లు తీసుకుని తర్వాత మానేయడం తలకిందుల లెక్క. బండి పాతబడేకొద్దీ జీరో డిప్ విలువ పెరుగుతుంది. కంపెనీలకీ ఆ సంగతి తెలుసు కాబట్టి ప్రీమియం పెంచుతాయి, ఎక్కువమంది ఐదేళ్ల దగ్గర ఆపేస్తారు.

ఇంకో మాట. ఎయిర్ బ్యాగులు ఆ రోజు తెరుచుకుని ఉంటే బిల్లు ఇంకో రకంగా ఉండేది. రెండు బ్యాగులు, వాటి కంట్రోల్ యూనిట్, సీటు బెల్టులు, చిరిగిన డాష్‌బోర్డు, వీటిలో చాలా భాగం సగం కోత పడే జాబితాలోదే. కొత్త కార్లలో ఎయిర్ బ్యాగుల సంఖ్య పెరిగేకొద్దీ జీరో డిప్ లేని పాలసీలో ఓనరు వాటా పెరుగుతూ పోతుంది. ఆరు బ్యాగులున్న కారుకి జీరో డిప్ తీసుకోకుండా వదిలేయడం నాకు అర్థం కాదు.

అయితే జీరో డిప్ ఉంది కదా అని ప్రతి గీతకీ క్లెయిమ్ వేసేవాళ్లు ఉన్నారు. అది ఇంకో నష్టం. క్లెయిమ్ లేని ఏడాదికి మరుసటి ఏడు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది, తర్వాత 25, 35, 45, చివరికి 50 వరకు వెళ్తుంది. అదే నో క్లెయిమ్ బోనస్. బంపర్ మీద గీత పడి 4,000 పెయింటింగ్‌కి క్లెయిమ్ వేస్తే వెయ్యి పోను మూడువేలు వస్తాయి. 12,000 ప్రీమియం మీద బోనస్ 2,400 పోతుంది, మెట్లు మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. పైగా కొన్ని పాలసీల్లో జీరో డిప్ ఏడాదికి రెండు క్లెయిమ్‌లకే వర్తిస్తుంది. మాస్టారి పాలసీ అలాంటిదే. గేదెతో ఒకటి అయిపోయింది.

రెండో క్లెయిమ్: బుడమేరు

ఆగస్టు 31న వర్షం. సెప్టెంబర్ 1, ఆదివారం పొద్దున బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్‌లోకి వచ్చాయి. ఆ రోజుల గురించి ఈ ఊళ్లోవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మాస్టారి వీధిలో ముందు పాదం లోతు వచ్చాయట. ఎదురింటివాళ్లు బండ్లు ఫ్లైఓవర్ మీదకి ఎక్కిస్తుంటే ఈయన కూడా కారు బయటికి తీశారు. వీధి చివర మలుపులో నీళ్లు బంపర్ దాకా ఉన్నాయి. ముందు వెళ్తున్న ట్రాక్టర్ లేపిన అల బానెట్ మీద నుంచి వచ్చింది, ఇంజిన్ ఆగిపోయింది. రెండుసార్లు స్టార్ట్ చేశారు. మొదటిసారి 'టక్'మని ఏదో చప్పుడు, రెండోసారి అసలు తిరగలేదు. కుర్రాళ్లు నలుగురు కలిసి తోసి ఫ్లైఓవర్ ఎక్కే వాలు మీద నిలబెట్టారు. అక్కడ కూడా నీళ్లు సీట్ల దాకా వచ్చి ఒకటిన్నర రోజు ఉన్నాయి.

పది రోజుల తర్వాత ఆ కారు మళ్లీ నా ముందుకి వచ్చింది. అప్పటికి వర్క్‌షాపుల బయట రోడ్డు పొడవునా బురద కార్లే. మాస్టారి కారుకి ముందు ఎయిర్ ఫిల్టర్ తీయించాను. తడిసి ముద్దగా ఉంది, ఆకులు కూడా ఉన్నాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగులో ఉంది. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, చేత్తో ఇంజిన్ తిప్పించబోతే మూడో ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్లు చిమ్మాయి. ఇంతవరకు ఉన్న గుర్తులు నీళ్లలో నిలిచిన ఏ కారులో అయినా ఉండొచ్చు. ఆ తర్వాత చూసిందే ముఖ్యం. ప్రతి సిలిండర్‌లోనూ పిస్టన్ పై అంచుకి వచ్చినప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి సన్నని కడ్డీ దింపి ఎత్తు కొలిపించాను. మూడు సమానంగా ఉన్నాయి. మూడో సిలిండర్ పిస్టన్ మాత్రం రెండు మిల్లీమీటర్లకి పైగా కిందే ఆగుతోంది. పిస్టన్‌ని కింద తిరిగే షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగింది.

ఎందుకు వంగుతుందంటే, గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకి రావాలని చూస్తే తలొంచాల్సింది రాడ్డే. దీన్ని హైడ్రోస్టాటిక్ లాక్ అంటాం. ఆగి ఉన్న ఇంజిన్‌లోకి నీళ్లు పోతే రాడ్ వంగదు, తుప్పు పడుతుంది అంతే. రాడ్ వంగిందంటే నీళ్లుండగా ఇంజిన్ తిరిగింది. పాలసీ భాషలో ఇది వరద చేసిన నష్టం కాదు, వరద తర్వాత జరిగిన పని వల్ల వచ్చిన పర్యవసాన నష్టం. మామూలు కాంప్రహెన్సివ్ దాన్ని కవర్ చేయదు. మాస్టారు కూడా క్లెయిమ్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాశారు, రెండుసార్లు స్టార్ట్ చేశానని. రాయకపోయినా ఆ రెండు మిల్లీమీటర్లు చెప్పేవి.

కంపెనీ వారంటీ కూడా ఇక్కడ పనికిరాలేదు. వారంటీ అన్నది తయారీలో లోపానికి. నీళ్లు తాగిన ఇంజిన్ తయారీ లోపం కాదు. షోరూమ్‌లో మాస్టారు వేసుకున్న లెక్క తప్పింది సరిగ్గా అక్కడే.

ఇక బిల్లు. షార్ట్ బ్లాక్ అనే, పిస్టన్లతో సహా వచ్చే ఇంజిన్ కింది భాగం, గ్యాస్కెట్లు, ఇంజిన్ దింపి ఎక్కించే కూలి 1,64,000. మిగతాది, అంటే కార్పెట్లు, సీట్లు విప్పి ఆరబెట్టడం, స్టార్టర్, ఆల్టర్నేటర్, సీటు కింద మాడ్యూల్, సెన్సర్లు, గేర్‌బాక్స్, బ్రేకుల శుభ్రం 92,000. ఆ తొంభై రెండువేలల్లో 7,600 కన్జ్యూమబుల్స్. వరద బండికి ఇవి పెరుగుతాయి, ఎందుకంటే ఆయిల్ ఒకసారి పోసి తీస్తే సరిపోదు, తెల్లదనం పోయేదాకా రెండు మూడుసార్లు మారుస్తారు. మొత్తం 2,56,000లో కంపెనీ ఇచ్చింది 83,400. మాస్టారు కట్టుకున్నది 1,72,600.

ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "జీరో డిప్ ఉంది కదా, అందులో ఇంజిన్ రాదా?" రాదు. జీరో డిప్ ఒక భాగానికి పాలసీ డబ్బు ఇవ్వాలని తేలాక, అందులో తరుగు కోయకుండా ఆపుతుంది. ఇవ్వక్కర్లేదని తేలిన భాగాన్ని లోపలికి తీసుకురాలేదు. తలుపు తెరిచి ఉంటేనే దారి ఖర్చులిచ్చే మనిషి లాంటిది అది, తలుపు తెరిచే మనిషి కాదు. తెరిచేది 1,300 రూపాయల ఇంజిన్ ప్రొటెక్ట్. జనవరిలో దాన్ని కొట్టేసిన గీత ఇప్పటికీ ఆ కొటేషన్ మీద ఉంది, నాకు చూపించారు.

అయితే ఇంజిన్ ప్రొటెక్ట్ ఉన్నా ఇష్టమొచ్చినట్టు చేయొచ్చని కాదు. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తే, నష్టాన్ని పెంచుకున్నారని కంపెనీ పేచీ పెట్టగలదు. కొన్ని పాలసీల్లో నీళ్లు తగ్గిన తర్వాత ఎన్ని రోజుల్లోగా చెప్పాలి, ఎవరు టో చేయాలి అన్న షరతులుంటాయి. ఆగిపోయిందా, ఇంక తాళం ముట్టుకోవద్దు. బ్యాటరీ మైనస్ వైరు తీయగలిగితే తీయాలి, ఫొటోలు తీసుకోవాలి, తోయించో, టో చేయించో తీసుకెళ్లాలి. కవర్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఇందులో తేడా లేదు.

అదే వీధిలో ఇంకో కారు

మాస్టారి ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుండే ఐటీ ఉద్యోగి కారు ఆ రోజు బయటికి తీయలేదు. అతను హైదరాబాద్‌లో ఉన్నాడు. గేటు లోపల నిలిపిన కారు డాష్‌బోర్డు పైదాకా మునిగి నాలుగు రోజులు ఉంది. 2023 మార్చిలో కొన్నది, ఎక్స్ షోరూమ్ 8,00,000, లైఫ్ ట్యాక్స్ 1,12,000. రెండో ఏడాది పాలసీలో ఐడీవీ 6,40,000. ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే ఇచ్చే గరిష్ఠ మొత్తం. కొత్తలోనే ఎక్స్ షోరూమ్ ధరలో 5 శాతం తీసి లెక్కేస్తారు, ఏడాది దాటాక 20 శాతం తీస్తారు. రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ అందులో ఉండవు.

డాష్‌బోర్డు మునిగిందంటే వైరింగ్ మొత్తం, ఎయిర్ బ్యాగు యూనిట్లు, కంట్రోల్ మాడ్యూళ్లు అన్నీ పోయినట్టే. ఎస్టిమేట్ 6,10,000 వచ్చింది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే, అంటే ఇక్కడ 4,80,000 దాటితే, టోటల్ లాస్ కింద తేలుస్తాం. అతనికి జీరో డిప్ ఉంది, ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా ఉంది. ఈ కేసులో రెండూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. రిపేరే చేయని బండికి తరుగు కోత ఎక్కడిది?

అతన్ని కాపాడింది రిటర్న్ టు ఇన్వాయిస్. అతని పాలసీలో అది కొనుగోలు ధరతో పాటు రోడ్డు ట్యాక్స్ కూడా ఇచ్చే రకం. కొన్ని పాలసీలు ట్యాక్స్ ఇవ్వవు, ఇన్వాయిస్ ధర దాకానే వస్తాయి. కాబట్టి ఆ పేరా చదివే సంతకం పెట్టాలి. అతనికి 6,40,000 బదులు 9,12,000 లెక్కలోకి వచ్చింది. కారు మీద బ్యాంకు లోన్ ఇంకా 5,90,000 ఉంది. టోటల్ లాస్ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. వెయ్యి కోత పోను, ఇన్వాయిస్ కవర్ వల్ల అతని చేతికి 3,21,000 వచ్చాయి. అది లేకపోతే 49,000 వచ్చేవి. కొత్త కారుకి డౌన్‌పేమెంట్ కూడా రాదు దాంతో.

ఈ రెండు కార్లని పక్కపక్కన పెడితే ఒక వింత ఉంది. కారు కదిలించనతను పూర్తిగా బయటపడ్డాడు. కాపాడుకోవాలని తంటాలు పడ్డ మాస్టారు లక్షా డెబ్భై వేలు పోగొట్టుకున్నారు. ఆయన చేసింది తెలివితక్కువ పని అని నేను అనను. పాదం లోతు నీళ్లు అలా ఇల్లు ముంచుతాయని ఆ పొద్దున ఎవరికీ తెలియదు.

నేనైతే దేనికి డబ్బు పెడతాను

ఈ వృత్తిలో ఉన్నవాడిగా నేను చూసేది ఒక్కటే: ఈ నష్టం నా మీద పడితే నెల జీతంతో గట్టెక్కుతానా, లేక అప్పు చేయాలా? జీరో డిప్ ఆదుకునేది పదివేలు, ఇరవైవేలు, ఎయిర్ బ్యాగులు తెరుచుకుంటే ఇంకా పైన. అది తరచుగా పనికొస్తుంది. ఇంజిన్, ఇన్వాయిస్ కవర్లు జీవితంలో ఒకసారి కూడా పనికి రాకపోవచ్చు, వస్తే మాత్రం లక్షల్లో ఉంటుంది. మనవాళ్లు పనికొచ్చే అవకాశాన్ని చూసి కొంటారు, పోయే మొత్తాన్ని చూడరు. మాస్టారు ఉంచుకున్న టైర్, తాళం, సామాను కవర్లు కలిపి 2,600. దానికి ఇంకో పదిహేను వందలు కలిపితే ఆయన కొట్టేయించిన మూడూ వచ్చేవి.

కొత్త కారుకి జీరో డిప్ ఐదేళ్లూ తీసుకుంటాను. ఇన్వాయిస్ కవర్ ఇచ్చినన్నాళ్లు, సాధారణంగా మూడేళ్లు, తీసుకుంటాను. లోన్ మీద కొన్నవాళ్లయితే ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. కారు దొంగతనం జరిగినా ఇదే కవర్ పనికొస్తుంది, కాకపోతే అప్పుడు బండి దొరకలేదని పోలీసుల నుంచి నాన్ ట్రేసబుల్ రిపోర్టు వచ్చేదాకా నెలల తరబడి తిరగాలి. ఇంజిన్ కవర్ ఉండే చోటుని బట్టి. వీధిలో నీళ్లు నిలుస్తాయా, ఆఫీసు పార్కింగ్ సెల్లార్‌లో ఉందా, దారిలో అండర్‌పాస్ ఉందా అని చూసుకోవాలి. విజయవాడ, హైదరాబాద్ లాంటి చోట్ల నేను వదలను. కన్జ్యూమబుల్స్ వెయ్యి లోపు అయితే తీసుకోవచ్చు, లేకపోయినా కొంప మునగదు.

టైర్ కవర్ పంక్చర్‌కి గానీ అరుగుదలకి గానీ ఇవ్వదు. దెబ్బకి టైరు చిట్లితేనో ఉబ్బితేనో ఇస్తుంది, అది కూడా ఎంత అరిగిందో కొలిచి. ఖరీదైన పెద్ద టైర్లున్న బండ్లకి తప్ప నేను సిఫార్సు చేయను. సామాను కవర్‌లో ఫోను, డబ్బు, నగలు లాంటివి చాలాచోట్ల మినహాయింపే. ఇక కార్లో మిగిలేది గొడుగు. తాళం కవర్ మాత్రం బటన్ స్టార్ట్ కారుకి ఆలోచించవచ్చు, ఆ తాళాలు ఖరీదు. నో క్లెయిమ్ బోనస్‌ని కాపాడే కవర్ మొట్టమొదటి కారు కొన్న ఏడాది తీసుకోవడం వృథా. కాపాడుకోవడానికి ఇంకా బోనస్ ఏదీ లేదు.

షోరూమ్ కొటేషన్ గురించి ఒక్క మాట. పాలసీ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు. బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదని భయపెడతారు. వర్క్‌షాప్ ఆ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉంటే వస్తుంది, కంపెనీకి ఫోన్ చేసి అడిగితే తెలిసిపోతుంది. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు కింద ఉన్న మొత్తాన్ని కాదు, ముందు ఐడీవీ ఒకటేనా అని చూడాలి. ఐడీవీ యాభైవేలు తగ్గించి ప్రీమియం చవగ్గా చూపించడం పాత పద్ధతి. తర్వాత యాడ్-ఆన్‌ల పేర్లు కాకుండా వాటి కింది షరతులు చూడాలి: జీరో డిప్ ఎన్ని క్లెయిమ్‌లకి, ఇన్వాయిస్‌లో ట్యాక్స్ ఉందా లేదా. ఏడాది మధ్యలో గుర్తొచ్చి కలపమంటే మామూలుగా కలపరు. కొన్నప్పుడో, రెన్యువల్ అప్పుడో తీసుకోవాల్సిందే.

మాస్టారి రెన్యువల్ 2025 జనవరిలో వచ్చింది. రెండు క్లెయిమ్‌లు అయ్యాయి కాబట్టి బోనస్ సున్నా. ఈసారి ఇంజిన్ కవర్ కొత్తగా అడిగారని కంపెనీ మనిషిని పంపింది. బానెట్ ఎత్తి, ఇంజిన్ నంబరు, లోపలి కార్పెట్లు ఫొటోలు తీసుకుని, ఇంజిన్ ఆన్ చేయించి వీడియో తీశాడు. కొటేషన్ మాస్టారు నాకు వాట్సాప్‌లో పంపారు. జీరో డిప్, ఇంజిన్, ఇన్వాయిస్, కన్జ్యూమబుల్స్ నాలుగు టిక్కులున్నాయి. టైర్ దగ్గర కొట్టేసిన గీత. కింద ఒక మెసేజ్: "పంక్చరైతే యాభై రూపాయలే కదా సార్."